అడ్వాన్స్ ఎవరు ఎవరికి ఇయ్యాలె

ఆ రోజు మధ్యాహ్నం కురవి దగ్గరి తండాలో, అక్క ఇంటి ముందు పందిరి కింద కూర్చుని, జాకెట్ గుడ్డ మీద అద్దాలు కుట్టడం నేర్చుకుంటున్నాను. నేర్పాల్సిన అక్క ఫోన్ చూసుకుంటోంది. అద్దం చుట్టూ దారం మూడోసారి ఊడిపోయేసరికి నాకు చిర్రెత్తింది.

"అక్కా, రైలెక్కి వచ్చింది నీ ఫోన్ జూడనీకి కాదు" అన్నాను.

"ఆగు చెల్లే. అడ్వాన్స్ వస్తదన్నరు. ఇంక రాలె" అంది, కళ్లు పైకెత్తకుండానే.

మాది రఘునాథపల్లి. జాకెట్లు కుడతాను, కుట్టేటప్పుడు వీడియోలు తీసి పెడతాను. పెద్ద పేరేమీ లేదు గానీ, చేతి డిజైన్ల కోసం జనగామ నుంచి కొందరు వెతుక్కుంటూ వస్తారు. అక్కకు నాకంటే ఎక్కువ మంది చూసేవాళ్లున్నారు. ఆవిడ మిర్చి ఏరే ఆడవాళ్ల ముఠాకు మేస్త్రి. చేను గట్టు మీద మూడు రాళ్లు పెట్టి, ముఠా మొత్తానికి వంట చేస్తూ మాట్లాడుతుంది. సగం తెలుగు, సగం వాళ్ల లంబాడీ మాట. ఎవరికి ఏది అర్థమైతే అది వింటారు. గొంతు మాత్రం పక్క చేనుకు కూడా వినబడుతుంది.

మా ఇద్దరికీ పరిచయం ఒక వాట్సాప్ గ్రూపులో అయింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో మాలాంటి చిన్నాచితకా వీడియోల వాళ్లందరం అందులో ఉంటాం. ఒకరి వీడియో ఒకరం పంచుకుంటాం, వ్యూస్ పడిపోతే ఒకరినొకరం ఓదార్చుకుంటాం. గ్రూపులో అందరికంటే ఎక్కువ నవ్వించేవాడు భూపాలపల్లి తమ్ముడు. బొగ్గు బావుల దగ్గర కాంట్రాక్టు పని చేస్తాడు, ఆదివారం చర్చి అయ్యాక వాగుకు పోయి చేపలు పట్టి వండుతాడు. ఎందుకో కొన్నాళ్లుగా అతని వీడియోలు రావడం లేదు. అడిగితే డ్యూటీ ఎక్కువైంది అనేవాడు. సరే అనుకున్నాం.

"ఎవలిస్తుండ్రు అడ్వాన్స్? మిర్చి రైతా?" అని అడిగాను.

అక్క అప్పుడు తలెత్తి నవ్వింది. నాకు చెప్పకుండా దాచి, డబ్బు పడ్డాక ఒక్కసారే చెప్పి నన్ను అదరగొట్టాలనుకుందట. అందరి వంటింట్లో కనిపించే ఒక మసాలా కంపెనీ తనకు స్పాన్సర్‌షిప్ ఇస్తోందని చెప్పింది. మూడు వీడియోల్లో వాళ్ల మసాలా వాడాలి. ఎంత ఇస్తామన్నారో వినగానే నా చేతిలో సూది ఆగిపోయింది. నిజం చెప్పాలంటే కాస్త కడుపు కూడా మండింది.

"చూడు" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. వాట్సాప్‌లో వచ్చిన ఒప్పందం, దాని కింద ముందు రోజే తెలుగులో వచ్చిన ఒక మెసేజ్. ఆ తెలుగు మనుషులెవరూ మాట్లాడనిది. "అడ్వాన్స్ మొత్తం రేపు సాయంత్రం లోపు పూర్తి చేయబడాలి. అనంతరం మీ ఒప్పందం సక్రియం చేయబడుతుంది." ఎవరు ఎవరికి ఇవ్వాలో అందులో లేదు.

అక్కకు మాత్రం అనుమానమే రాలేదు. వాళ్ల పనిలో అడ్వాన్స్ అన్నా బయానా అన్నా ఒక్కటే. పని చేయించుకునేవాడు పని చేసేవాళ్లకు ముందుగా ఇచ్చే డబ్బు. రైతు మేస్త్రికి బయానా ఇస్తాడు, అప్పుడు ముఠా ఆ చేనుకు కట్టుబడుతుంది. డబ్బు ఇంకోవైపు నడవడం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అందుకే ఆ మెసేజ్ చదివి, ఈ సాయంత్రంలోగా మనకు అడ్వాన్స్ వస్తుందని మురిసిపోయి కూర్చుంది.

ఇంతలో ఫోన్ మోగింది. ఆ కంపెనీ మనిషే. అక్క స్పీకర్ పెట్టింది.

"నమస్కారం మేడమ్. అడ్వాన్స్ పంపారా?"

"నేనే అడుగుదమనుకున్న సారూ. నిన్నటి సంది చూస్తున్న. ఎప్పుడు పంపుతరు?"

"మేడమ్, అడ్వాన్స్ మీరు పంపాలి."

"ఎవలకు?"

"మాకు మేడమ్. రిజిస్ట్రేషన్, జీఎస్టీ కలిపి. మొత్తం రిఫండబుల్. మీ మొదటి పేమెంట్‌తో కలిపి తిరిగి వచ్చేస్తుంది."

"ఏందీ? పని నేను జేసుడు, బయానా గూడ నేనే ఇచ్చుడా?"

నాకు నవ్వు ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను. అక్క నవ్వడం లేదు. బేరంలో దిగితే ఆవిడ ముఖం అలాగే బిగుసుకుంటుంది.

"సరే సారూ, గట్లనే కానీ. మీరు నాకియ్యవలసింది చానా ఉంది గదా. దాంట్లకెల్లి గది కోస్కొని మిగిలింది ఇయ్యుండ్రి. నేనేమననా."

"కంపెనీ రూల్ ఒప్పుకోదు మేడమ్. తెలంగాణలో ఇంక రెండే స్లాట్లు మిగిలాయి. ఈ రోజు కట్టకపోతే వేరేవాళ్లకు వెళ్లిపోతుంది."

"పోనీ సారూ" అని అక్క ఫోన్ పెట్టేసింది.

ఆ బేరానికే నేను ఆవిడను మెచ్చుకున్నాను. కోసుకుని ఇవ్వండి అన్న మాటకు ఏ దొంగ దగ్గరా జవాబు లేదు. డబ్బు నిజంగా ఇచ్చేవాడు ఉంటే అందులోంచి పట్టుకోవడానికి వాడికేం కష్టం?

కానీ అక్క ముఖం చిన్నబోయింది. "నిజం కంపెనీయే అయితే?" అంది మెల్లగా. అప్పుడు నాకు తెలిసింది నేను చెప్పాను. కిందటేడాది నాకు ఒక దారాల కంపెనీ పని ఇచ్చింది. చిన్న పనే. వాళ్లు ముందుగా నా వీడియోలు ఎంతమంది, ఎక్కడివాళ్లు చూస్తున్నారో అడిగారు. నా రేటు అడిగారు. దారాల డబ్బా ఇంటికి పంపారు. వీడియో పెట్టాక పన్ను కోసుకుని మిగతాది ఖాతాలో వేశారు. నా దగ్గర పైసా అడగలేదు. ఈ మసాలావాళ్లు అక్కను ఏమీ అడగలేదు, డబ్బు తప్ప. ఒప్పందంలో అక్క పేరు కూడా లేదు, 'ప్రియమైన క్రియేటర్' అని ఉంది.

ఒప్పందం కింద ఉన్న మెయిల్ అడ్రస్ చూపించాను. కంపెనీ పేరులో ఒక అక్షరం రెండుసార్లు పడింది. ఆ కంపెనీ అసలు వెబ్‌సైట్ నేనే వెతికి తెరిచి, పక్కపక్కన పెట్టి చూపించాను. అక్క వేలు పెట్టి ఒక్కో అక్షరం పోల్చింది. "గీ ఒక్క అక్షరంల ఇంత కథ ఉందా!" అంది. వెబ్‌సైట్‌లో ఉన్న అసలు అడ్రస్‌కు, ఇలా మీ పేరు మీద ఒకరు డబ్బు అడుగుతున్నారు, నిజమేనా అని మెయిల్ పెట్టాను. వాడు పంపిన నెంబరుకే ఫోన్ చేసి నువ్వు నిజమేనా అని అడిగితే వాడు కాదంటాడా?

ఇక కథ అయిపోయిందనుకుని మళ్లీ అద్దం పట్టుకున్నాను. అయిపోలేదు.

చాయ్ తాగుతుండగా మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి ఇంకో గొంతు, మేనేజర్‌నని చెప్పాడు. మాట తేనె. "మా స్టాఫ్ తప్పుగా చెప్పారు మేడమ్, క్షమించండి. మీలాంటి వాళ్ల దగ్గర మేము డబ్బు తీసుకోం. మేమే మీకు అడ్వాన్స్ పంపుతున్నాం."

అక్క నా వైపు చూసింది. ముందు డబ్బు అడిగేవాడు దొంగ అని ఇప్పటిదాకా పాఠం చెప్పాను. వీడు ఇస్తానంటున్నాడే!

కాసేపటికి డబ్బు పంపినట్టు ఫొటో వచ్చింది, ఆకుపచ్చ టిక్కుతో సహా. ఆ వెంటనే ఖాతాలో డబ్బు జమ అయిందని మెసేజ్. అక్క లేచి నిలబడింది. ఆ సంతోషం చూస్తే నాకే కళ్లు చెమర్చాయి. ఎండలో మిర్చి ఏరి ఏరి చేతులు మండిన మనిషికి, తన వంటకు, తన మాటకు ఎవరో బయానా ఇచ్చారు మరి. నిజం కావాలని నేనూ కోరుకున్నాను.

ఫోన్ మళ్లీ మోగింది. మేనేజర్ గొంతు వణుకుతోంది. "మేడమ్, ఘోరం జరిగిపోయింది. ఐదు వేలు పంపబోయి యాభై వేలు పంపాను. ఒక సున్నా ఎక్కువ పడింది. సాయంత్రం లెక్క చూస్తారు, నా ఉద్యోగం పోతుంది. నాకు చిన్న పిల్లలు. మీ ఐదు వేలు ఉంచుకుని మిగతాది తిప్పి పంపండి అక్కా, మీ కాళ్లు మొక్కుతా." డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ కూడా వచ్చింది.

అసలు ప్రమాదం ఇదీ. ఎవరిదైనా ఎక్కువ వస్తే అక్క దగ్గర ఒక గడియ నిలవదు. ముఠాలో ఒకామెకు జ్వరం వచ్చి మనుషులు తగ్గితే, తగ్గిన మనిషి బయానా రైతుకు తీసుకెళ్లి ఇచ్చి వచ్చే మనిషి. ఆ మంచితనం మీదే వాడు గురి పెట్టాడు. పైగా ఆ ఖాతాలో నిజంగానే డబ్బుంది. గార్ల వైపు ఒక రైతు పంపిన మిర్చి బయానా, ముఠాలో పది పన్నెండు మంది ఆడవాళ్లది. ఆ వారంలోనే అక్కడికి పనికి పోవాలి. ఒక్కసారి ఆ కోడ్ స్కాన్ చేసి పిన్ కొడితే పోయేది ఆ డబ్బే. డబ్బు పోతే రెక్కలు ముక్కలు చేసుకుని తీర్చవచ్చు, కానీ తండాలో అక్క మాట మళ్లీ ఎవరు నమ్ముతారు?

ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది, అదేమిటో చెప్పలేకపోతున్నాను. "అక్కా, పంపకు, పంపకు" అని మాత్రం చెయ్యి పట్టుకున్నాను.

"నేనెక్కడ పంపుతున్ననే" అని అక్క చెయ్యి విడిపించుకుంది. ఫోన్‌లో నిదానంగా చెప్పింది, "సారూ, పరేషాన్ గాకు. ఆడోళ్లు చేన్లకెల్లి రానీ. వాళ్లు జూడందే నేను పైస ముట్ట."

"ఎవరు మేడమ్ ఆ ఆడవాళ్లు? అకౌంట్ మీదే కదా?"

"అకౌంట్ నాదే. పైసలు నాయి కావు."

ఆ ముఠాలో ఒక పద్ధతి ఉంది. బయానా ఎవరిచ్చినా మేస్త్రి ఒక్కతే చూసి ఒప్పుకోకూడదు. అందరి ముందు పెట్టాలి, అందరూ కళ్లారా చూశాకే చేను ఒప్పుకున్నట్టు. నోట్ల రోజుల్లో అవి ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయేవట. ఇప్పుడు రైతులు ఫోన్‌లో పంపుతున్నారు కాబట్టి, అక్క తన ఖాతా తెరిచి నిల్వ ఎంతుందో అందరికీ చూపిస్తుంది. వీడియోల్లో ముఠా మొత్తం ఉంటుంది గనుక వీడియో బయానా కూడా అందరిదే అని అక్క లెక్క. వాడికి ఈ పద్ధతి తెలియదు పాపం. ఒంటరి మనిషిని పట్టానని అనుకున్నాడు.

వాడు ఊరుకోలేదు. ఏడ్చాడు, బతిమాలాడు, తర్వాత పోలీసు కేసు పెడతానని బెదిరించాడు. నేనైతే అప్పటికే నాలుగు తిట్టేదాన్ని. అక్క మాత్రం ప్రతిసారీ ఒక్కటే మాట, "ఆడోళ్లు రానీ సారూ." ఆ గొంతులో కోపం లేదు, భయం లేదు. నాకు అసూయ పుట్టించేంత ఓపిక.

పొద్దు వాలాక ముఠా వచ్చింది. మిర్చి ఘాటుతో తుమ్ముకుంటూ చేతులు కడుక్కుని పందిరి కింద కూర్చున్నారు. అక్క వాళ్ల మాటలో జరిగింది చెప్పి, ముందుగా ఫొటో చూపించింది. ముఠాలో పెద్దామె, అందరూ యాడి, అంటే అమ్మ, అని పిలిచే ముసలావిడ, బొటనవేలితో ఆ ఆకుపచ్చ టిక్కును రుద్ది చూసింది.

"గిది ఫొటో. పైసలేవి?" అంది.

అక్క తన పేమెంట్ యాప్ తెరిచి, తన పిన్ తానే కొట్టి, నిల్వ చూసింది. అందరూ మెడలు చాచారు. గార్ల రైతు పంపిన బయానా ఉంది. అంతే. ఒక్క రూపాయి పెరగలేదు.

అప్పుడు నేను ఆ జమ మెసేజ్ మళ్లీ చూశాను. బ్యాంకు మెసేజ్‌లు బ్యాంకు పేరు అక్షరాలతో వస్తాయి. ఇది మామూలు పది అంకెల ఫోన్ నెంబరు నుంచి వచ్చింది. కళ్ల ముందే ఉన్నది నాకు అప్పటికి గానీ కనిపించలేదు. "వాడే టైపు జేసి పంపిండు అక్కా" అన్నాను. ఫొటో ఎవరైనా తయారు చేయవచ్చు, మెసేజ్ ఎవరైనా రాయవచ్చు. ఖాతా తెరిచి చూస్తే తప్ప డబ్బు వచ్చినట్టు కాదు. కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టామంటే డబ్బు మన దగ్గర నుంచి పోవడమే, రావడం కాదు.

అప్పటికి విషయం అందరికీ అర్థమైంది. ఒకామె తన కొంగుతో ముఖం తుడుచుకుంది. కూతురి కాలేజీ ఫీజు ఆ బయానాలోంచే కట్టాలట. వాడి ఫోన్ మళ్లీ వచ్చింది. స్పీకర్‌లో అక్క ఇంకా ఏమీ అనకముందే యాడి అందుకుని, వాళ్ల మాటలో ఏదో గడగడా వాయించింది. నాకు ఒక్క ముక్కా తెలియలేదు గానీ ఆడవాళ్లందరూ ఒక్కసారి విరగబడి నవ్వారు. వాడు పెట్టేశాడు. మళ్లీ చేయలేదు.

ఆ నెంబరు, కోడ్, మెసేజ్‌లు అన్నీ తుడిచేయకుండా ఉంచి, సైబర్ నేరాల వాళ్లకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాం. తర్వాతే బ్లాక్ చేశాం. మర్నాడు అసలు కంపెనీ నుంచి జవాబు వచ్చింది, తమకు అలాంటి పథకమేదీ లేదని.

అక్క ఆ సాయంత్రమే గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది. సిగ్గుపడలేదు, దాచలేదు. అడ్వాన్స్ నాకే వస్తదని ఎట్ల మురిసిందీ, ఫొటో చూసి ఎట్ల లేచి నిలబడిందీ మొత్తం చెప్పింది. "నేను తెలివైనదాన్నని కాదు. ఆడోళ్లు లేకుంటే పంపుతుంటి" అంది. నేనైతే ఆ రెండో మాట గ్రూపులో చెప్పేదాన్ని కాదు. తెలివిగా పట్టేశానని గొప్పలు పోయేదాన్ని. అందుకే ఆ మనిషి అంటే నాకు గౌరవం.

ఆ రాత్రి అందరం పందిరి కిందే జొన్నరొట్టెలు తింటుండగా భూపాలపల్లి తమ్ముడు అక్కకు ఫోన్ చేశాడు. అక్క స్పీకర్ పెట్టింది. ఎప్పుడూ జోకుతో మొదలుపెట్టేవాడు, ఈసారి జోకు లేదు.

"అక్కా, నాకు గూడ గట్లనే వచ్చింది" అన్నాడు. "గాలాల కంపెనీ అన్నరు. ముందుగాల రిజిస్ట్రేషన్ అన్నరు, కట్టిన. మళ్ల జీఎస్టీ అన్నరు. మళ్ల ఫైల్ రిలీజ్ కానీకి అన్నరు. ముందు కట్టింది పోతదేమోనని కట్టుకుంట పోయిన. కెమెరా గూడ అమ్మిన."

వీడియోలు ఎందుకు ఆగిపోయాయో అప్పుడు తెలిసింది.

అక్క తిట్టలేదు, అయ్యో అనలేదు. "నువ్వు కట్టేటప్పుడు ఎవలకన్న చూపెట్టినవా తమ్మీ?" అని అడిగింది.

"లేదక్కా. వాళ్లు ఎవలకు చెప్పొద్దన్నరు, ఆఫర్ పోతదని."

"పోయినంక?"

"ఎట్ల జెప్త? డిగ్రీ సదివినోన్ని. ఇంట్ల గూడ జెప్పలె. కెమెరా ఖరాబయిందని చెప్పిన." అతను ఏడుస్తున్నాడని తెలుస్తూనే ఉంది. "మొన్న ఒకడు ఫోన్ జేసి పోయిన పైసలు తెచ్చిస్తనన్నడు. ఫీజు అడుగుతుండు. గది గూడ కడదామనుకుంటున్న."

నేను ఫోన్ లాక్కున్నాను. "తమ్మీ, వాడు గూడ దొంగనే. ఒక్క పైస ఇయ్యకు" అని అరిచాను. పోగొట్టుకున్నవాళ్ల పేర్లు వాళ్లలో వాళ్లు అమ్ముకుంటారని, తెచ్చిస్తామని మళ్లీ దోస్తారని నాకు తెలుసు. ఫిర్యాదు ఆలస్యమైతే డబ్బు పట్టుకోవడం కష్టమని కూడా తెలుసు. ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

అక్క నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "తమ్మీ, పైసలు వస్తయో రావో నేను జెప్పలేను. కాని గిన్ని రోజులు ఒక్కనివే మోస్తివి. గది నీ తప్పు. పోయి మీ ఆమెకు చెప్పు. ఇప్పుడే. ఫోన్ పెట్టెయ్యకు, నేను వింట."

అటు వైపు తలుపు చప్పుడు. అతని గొంతు, ఆమె గొంతు, మాటలు అర్థం కాలేదు. పందిరి కింద ఆడవాళ్లెవరూ కదల్లేదు. కాసేపటికి ఫోన్‌లో ఒక ఆడగొంతు వచ్చింది. "అక్కా, నేను ఆయన భార్యను. కేసు పెట్టనీకి ఠాణాకు ఏమేం తీస్కపోవాలె?" అంది.